చెక్ భాషలో మాట చివర "ఉ" వినగానే పరుగెత్తకండి, ముందు ఆ మాట లింగం అడగండి

చెక్ రిపబ్లిక్‌కు కొత్తగా వచ్చిన మనోళ్లు మమ్మల్ని మొదట అడిగేది ఓవర్‌టైం లెక్క. రెండోది ఈ భాష. "అన్నా, ఒక్కటే మాట పదిసార్లు పది రకాలుగా వినపడుతుంది, ఏది అసలు మాట?" అంటారు. మేము బ్ర్నోలో బిల్డింగు పని చేసేవాళ్లం. మాలో చాలామంది అంతకుముందు గల్ఫ్‌లో చేసి వచ్చినోళ్లే. అక్కడ కొంచెం హిందీ, రెండు ముక్కల అరబ్బీతో దినాలు గడిచిపోయేవి. ఇక్కడ అట్లా గడవదు. ఎందుకు గడవదో, మాట చివర చూసి విభక్తి ఎట్లా పట్టుకోవాలో మాకు తెలిసినంత రాస్తున్నాం. మేము పదో తరగతి దాకా చదివినోళ్లం, పండితులం కాదు. కానీ ఈ విషయంలో మాకు గట్టి అభిప్రాయం ఉంది.

మనోళ్లలో రెండు జట్లు ఉన్నాయి. మొదటి జట్టు "వస్తువు పేరు తెలిస్తే చాలు, చివర ఏమున్నా పని జరుగుతుంది" అంటుంది. రెండో జట్టు పుస్తకం కొని, మొదటి పేజీ నుంచి పట్టికలు బట్టీ పడుతుంది. ఇక్కడి బడిపిల్లలకు నామవాచకాలు 14 నమూనాలుగా నేర్పిస్తారు. ఒక్కో నమూనాకు ఏడు విభక్తులు, ఏకవచనం, బహువచనం. లెక్క వేయండి, 14 ఏళ్లు 98, దానికి రెండింతలు 196 గళ్లు. రాత్రి అన్నం వండుకుని తిని, పొద్దున ఐదింటికి లేచే మనిషి అన్ని గళ్లు ఎక్కడ నింపుతాడు? మూడో వారానికి పుస్తకం మంచం కిందికి పోతుంది. ఆ పట్టికలు తప్పని మేము అనం. అవి చెక్ ముందే మాట్లాడే పిల్లలకు, రాయడం తప్పు పోకుండా చేసినవి. మనకు కావలసింది తలకిందులు పని. మనం చెవితో విన్న మాట నుంచి వెనక్కి వెళ్లి, మేస్త్రీ ఏం చెప్పాడో తెలుసుకోవాలి.

మా అభిప్రాయం ఇదీ. ముందు మాట లింగం, తర్వాత దాని ముందున్న చిన్న మాట, ఆ తర్వాతే చివరి అక్షరం. ఈ వరుస తప్పితే చివరి అక్షరం మిమ్మల్ని నిలువునా మోసం చేస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. చెక్ మాటలు మేము తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. వాళ్లకు "ర"లో "ఝ" కలిసిన ఒక శబ్దం ఉంది, దానికి మనకు అక్షరం లేదు. దాన్ని ఉత్త "ర" అనే రాస్తాం. పలకడం మాత్రం పక్కనున్న చెక్ మనిషిని అడిగి నేర్చుకోండి.

ఇప్పుడు లింగం. తెలుగులో నిచ్చెన, పార, సుత్తి అన్నీ ప్రాణం లేనివే కాబట్టి ఒకే లెక్క. అర్థం చూస్తే సరిపోతుంది. చెక్‌లో అట్లా కాదు. పార "లొపత", ఆమె. నిచ్చెన "జెబ్రీక్", అతను. సుత్తి "క్లదివొ", అది. దీనికి అర్థంతో పని లేదు, మాట ఎట్లా ముగిసింది అన్నదే ఎక్కువగా చెప్తుంది. హల్లుతో ముగిస్తే ఎక్కువగా పుంలింగం. "అ"తో ముగిస్తే ఎక్కువగా స్త్రీలింగం. "ఒ"తో ముగిస్తే నపుంసకం. దీర్ఘం "ఈ"తో ముగిసే వస్తువుల పేర్లు ఎక్కువగా నపుంసకమే, సారువ కట్టేదాన్ని "లెషెనీ" అంటారు చూడండి, అట్లాంటివి. "ఎ"తో ముగిసేవాటిలో స్త్రీలింగం ఎక్కువ, నపుంసకాలు కూడా ఉంటాయి.

ఎక్కువగా అన్నాం, అన్నీ అనలేదు. ఉక్కును "ఒత్సెల్" అంటారు. హల్లుతో ముగిసింది, కానీ ఆమె. మనం రోజూ ఎక్కే ట్రాం "త్రమ్వయ్", అదీ ఆమె. తోటి పనివాణ్ని "కొలెగ" అంటారు, చివర "అ" ఉన్నా మగమనిషే. అందుకే కొత్త మాట నేర్చుకునేటప్పుడు ఒంటరిగా నేర్చుకోకండి. చెక్‌లో "ఆ" అని చూపించడానికి మూడు మాటలు ఉన్నాయి. "తెన్" పుంలింగానికి, "త" స్త్రీలింగానికి, "తొ" నపుంసకానికి. తెన్ జెబ్రీక్, త లొపత, తొ క్లదివొ, త ఒత్సెల్, తెన్ కొలెగ. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు మొదటి నెల మేము ఇదొక్కటే చెప్తాం. టూల్‌బాక్సులో ఉన్న ప్రతి వస్తువుకూ తెన్, త, తొ పెట్టి పిలవడం. విభక్తి జోలికే పోనివ్వం.

ఎందుకంత పట్టు అంటారా? "ఉ" గురించి వినండి.

పైకప్పును "స్త్రెఖ" అంటారు, అది స్త్రీలింగం. నిచ్చెన పుంలింగం. "న" అనే చిన్న మాటకు "మీద" అని అర్థం. ఇప్పుడు రెండు మాటలు చూడండి. "న స్త్రెఖు", "న జెబ్రీకు". రెండింటి ముందూ "న" ఉంది, రెండింటి చివరా "ఉ" ఉంది. వినేవాడికి రెండూ ఒకే తీరు. కానీ అర్థం ఎదురెదురు. "న స్త్రెఖు" అంటే కప్పు మీదికి, అంటే కదలాలి, ఎక్కాలి, మోయాలి. "న జెబ్రీకు" అంటే నిచ్చెన మీద, అంటే అక్కడే ఉన్నాడు లేదా ఉంది, కదలిక లేదు.

కారణం ఇదీ. "న" తర్వాత రెండు విభక్తుల్లో ఏదో ఒకటి వస్తుంది. ఎక్కడికి అన్న ప్రశ్నకు జవాబైతే ద్వితీయ. ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబైతే సప్తమి. "అ"తో ముగిసే స్త్రీలింగానికి ద్వితీయలో "ఉ" వస్తుంది. హల్లుతో ముగిసే ప్రాణం లేని పుంలింగానికి ద్వితీయలో ఏమీ రాదు, అసలు మాట అట్లాగే ఉంటుంది. దానికి "ఉ" వచ్చేది సప్తమిలో. అంటే ఒకే "ఉ", లింగం మారితే విభక్తి మారిపోయింది. లింగం తెలియనివాడికి ఈ "ఉ" ఏమీ చెప్పదు, పైగా తప్పు చెప్తుంది.

సైటులో వినపడే నాలుగు మాటలు వరుసగా పెడతాం. "నెలెజ్ న స్త్రెఖు", కప్పు మీదికి ఎక్కకు. "నెస్తూయ్ న స్త్రెషె", కప్పు మీద నిలబడకు. "నెలెజ్ న జెబ్రీక్", నిచ్చెన ఎక్కకు. "నెస్తూయ్ న జెబ్రీకు", నిచ్చెన మీద నిలబడకు. వీటిని పైకి పదిసార్లు చదవండి, తేడా నాలుకకే తెలుస్తుంది. తెలుగులో మనం "మీదికి", "మీద" అని ఆ చిన్న మాటనే మారుస్తాం. చెక్ వాళ్లు చిన్న మాటను కదపరు, వస్తువు పేరు తోకను మారుస్తారు. ఆ తోక ఎవరి తోకో తెలియాలి, గంతే.

"స్త్రెషె" అన్నది గమనించారా? స్త్రెఖలో ఉన్న "ఖ" కాస్తా "ష" అయింది. స్త్రీలింగం సప్తమిలో చివర "ఎ" చేరినప్పుడు దాని ముందున్న హల్లు చాలాసార్లు మెత్తబడుతుంది. "హ" ఉంటే "జ" అవుతుంది, రాజధాని "ప్రహ", అక్కడ ఉండడం "వ్ ప్రజె". "క" ఉంటే "త్స" అవుతుంది, చెయ్యి "రుక", చేతిలో "వ్ రుత్సె". ఇది కష్టం అని అందరూ తిడతారు. మేము మాత్రం దీన్ని మేలనే అంటాం. హల్లు మారింది అంటే అక్కడ కదలిక లేదని గట్టి గుర్తు. "న" తర్వాత హల్లు మారిన మాట వినపడితే, మోసుకుపోవాల్సిన పని లేదు.

దీనికి మా కళ్ల ముందు జరిగింది ఒకటి చెప్తాం. ఒక సైటులో పొద్దున ఫోనుకు మెసేజ్ వచ్చింది, "దెస్కి న స్త్రెషె జక్రీత్" అని. దెస్కి అంటే బోర్డులు. ఆ వారమే చేరిన కుర్రాడికి బోర్డులు తెలుసు, "న" తెలుసు, కప్పు అన్నది అందాజగా తెలుసు. జక్రీత్ తెలియదు. బోర్డులు కప్పు మీదికి ఎక్కించమన్నారు అనుకున్నాడు. కింది గదిలో గోడలకు కొట్టడానికి పేర్చి ఉన్న జిప్సం బోర్డులను ఇద్దరిని తోడు పెట్టుకుని పైకి మోశాడు. అసలు మెసేజ్ అర్థం, కప్పు మీద ఉన్న బోర్డులను కప్పి పెట్టు అని. సాయంత్రం వాన ఉందని తెలిసి పంపిన మెసేజ్ అది. పైన ముందే ఉన్నవీ తడిశాయి, ఇతను మోసినవీ తడిశాయి. జిప్సం బోర్డు నీళ్లు తాగితే దేనికీ పనికిరాదు.

ఆ కుర్రాడు జక్రీత్ అన్న మాట నేర్చుకోవాలని తర్వాత చాలామంది బోధ చేశారు. మా మాట వేరు. సైటులో తెలియని క్రియ రోజుకు పది వస్తాయి. కానీ స్త్రెఖ ఆమె అని, ఆమెకు మీదికి అంటే "ఉ" రావాలని తెలిసి ఉంటే, "స్త్రెషె" చూడగానే చేతిలో బోర్డు కింద పెట్టి ఎవరినైనా అడిగేవాడు. తెలియని క్రియ ఉన్నా, తోక ఒక్కటే అతణ్ని ఆపేది.

"న" ఒక్కటే కాదు. "పొద్" అంటే కింద. దీనికి కూడా రెండు దారులు ఉన్నాయి, కానీ రెండో దారి సప్తమి కాదు, మన తృతీయ లాంటిది. క్రేనుకు వేలాడే బరువును "బ్రెమెనొ" అంటారు, నపుంసకం. "పొద్ బ్రెమెనొ" అంటే బరువు కిందికి. "పొద్ బ్రెమెనెమ్" అంటే బరువు కింద. కిందికి వెళ్లకు అన్నప్పుడు మొదటిది, కింద నిలబడకు అన్నప్పుడు రెండోది వింటారు. రెండిటిలో ఏది విన్నా తల ఎత్తి చూసి పక్కకు జరగండి, ఇక్కడ మాత్రం వ్యాకరణం తర్వాత చూసుకుందాం. నద్ అంటే పైన, ప్రెద్ అంటే ముందు, జ అంటే వెనక, ఇవి కూడా పొద్ తీరే.

ఇప్పుడు ఆ "ఎమ్" సంగతి. ఇది నమ్మదగ్గ తోక. పుంలింగం, నపుంసకం ఏకవచనంలో చివర "ఎమ్" వినపడితే అది దాదాపు ఎప్పుడూ మన "తో". జెబ్రీకెమ్, క్లదివెమ్, మిస్త్రెమ్. స్త్రీలింగానికి అదే పని "ఔ" చేస్తుంది, లొపతౌ అంటే పారతో. ఈ రెండూ పట్టుకుంటే సగం వాక్యం దొరికినట్టే.

కానీ మనోళ్లు దీన్ని వాడేటప్పుడు ఒకచోట దొర్లుతారు. మనకు సుత్తితో కొట్టినా, మేస్త్రీతో వెళ్లినా "తో" ఒక్కటే. చెక్‌లో పనిముట్టుకు ముందు ఏ చిన్న మాటా రాదు, ఉత్త "క్లదివెమ్" అంటే సుత్తితో కొట్టడం. మనిషి వెంట వెళ్తేనే ముందు "స్" వస్తుంది, "స్ మిస్త్రెమ్". "స్ క్లదివెమ్ కొట్టాను" అన్న అర్థంలో చెప్తే, సుత్తిని వెంటబెట్టుకుని వచ్చి దేనితోనో కొట్టినట్టు వినపడుతుంది వాళ్లకు. బడిలో మనం తృతీయా విభక్తి "చేతన్, చేన్, తోడన్, తోన్" అని వల్లె వేసేవాళ్లం గుర్తుందా? అందులో "తోడన్" ఉంది చూడండి, తోడు వెళ్లడం. ఆ తోడు ఉన్నచోట "స్" పెట్టండి.

విభక్తుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చెక్ వాళ్లు కూడా మనలాగే విభక్తులను అంకెలతో పిలుస్తారు, మొదటిది, రెండోది అని ఏడు దాకా. మనవాళ్లు సంబరపడి ద్వితీయ అంటే వాళ్ల రెండోది అనుకుంటారు. కాదు. వాళ్ల రెండోది మన "యొక్క". మన ద్వితీయ, అంటే "ని, ను", వాళ్లకు నాలుగోది. మన "తో" వాళ్లకు ఏడోది. పిలవడానికి వాడే సంబోధన వాళ్లకు ఐదోది. క్లాసుకు వెళ్తే ఈ అంకెలే చెప్తారు కాబట్టి, మన వరుసను ఇంటి దగ్గర వదిలి వెళ్లండి.

"ని" దగ్గర మాత్రం తెలుగువాడికి పెద్ద లాభం ఉంది. మనం "మేస్త్రీని పిలువు" అంటాం, "మేస్త్రీ పిలువు" అనం. కానీ "నిచ్చెన తే" అంటాం, "నిచ్చెనను తే" అని ఎవరూ అనరు. మనిషికి "ని" తప్పనిసరి, వస్తువుకు అక్కర్లేదు. చెక్ పుంలింగంలో అచ్చం ఇదే న్యాయం. వస్తువైతే ద్వితీయలో మాట మారదు, "ప్రినెస్ జెబ్రీక్", నిచ్చెన తే. మనిషైతే మారుతుంది, "జవొలెయ్ మిస్త్ర", మేస్త్రీని పిలువు. మిస్త్ర్ అన్నది మిస్త్ర అయింది. వాళ్లు జంతువులను కూడా మనుషుల లెక్కలోనే వేస్తారు. ఈ ప్రాణమున్నది, లేనిది అన్న భేదం కొత్తవాళ్లకు వింతగా ఉంటుందని క్లాసులో చెప్తారు. మనకు వింత కాదు, పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్నదే. అన్నట్టు, వాళ్ల మిస్త్ర్, మన మేస్త్రీ దూరపు చుట్టాలే. మన మాట పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చింది, రెండింటి వేరూ లాటిన్‌లోనే ఉంది.

దీనివల్ల ఇంకో సంగతి తేలుతుంది. వాక్యంలో ముందు వచ్చినవాడే పని చేసేవాడు అనుకోకండి. "మిస్త్ర్ హ్లెదా కొలెగు", మేస్త్రీ తోటివాణ్ని వెతుకుతున్నాడు. "మిస్త్ర హ్లెదా కొలెగ", మేస్త్రీని తోటివాడు వెతుకుతున్నాడు. మాటల వరుస అదే, తోకలు మారాయి, వెతికేవాడు మారాడు. తెలుగులో కూడా "మేస్త్రీని రాజు వెతుకుతున్నాడు" అంటే మనం తడబడం కదా. ఇంగ్లీషు అలవాటుతో చెక్ వినేవాడు ఇక్కడ పడతాడు. మీరు తెలుగు చెవితో వినండి.

ఇక "ఉ" ఇంకా అయిపోలేదు. పుంలింగం వస్తువుకు "ఉ" ఒక్క సప్తమిలోనే కాదు, మూడు విభక్తుల్లో వస్తుంది. లిఫ్టును "వీతహ్" అంటారు. "దొ వీతహు" లిఫ్టులోకి, "క్ వీతహు" లిఫ్టు దగ్గరికి, "వె వీతహు" లిఫ్టులో. మూడింటికీ తోక ఒకటే. ఇక్కడ తోకను చూసి లాభం లేదు, ముందున్న చిన్న మాటే దిక్కు. "దొ" వచ్చిందా, అది ఎప్పుడూ రెండో విభక్తే, లోపలికి పోవడమే. "క్" వచ్చిందా, మూడోది, దగ్గరికి. మా కుర్రాళ్లు "మన 'కు'ను వీళ్లు ముందు పెట్టుకున్నారు" అని నవ్వుతారు. కాకతాళీయమే గాని, గుర్తుండడానికి బాగుంది. చిన్న మాట లేకుండా రెండు నామవాచకాలు పక్కపక్కన వచ్చి రెండోదానికి "ఉ" ఉంటే అది "యొక్క" లెక్క. "పితెల్ త్సెమెంతు", సిమెంటు బస్తా.

అన్ని పుంలింగ మాటలూ ఇంత బుద్ధిగా ఉండవని కూడా చెప్పాలి. నేలమాళిగను "స్క్లెప్" అంటారు, దానిలోకి "దొ స్క్లెప", దానిలో "వె స్క్లెప్యె". ఇట్లాంటివి పాత, రోజువారీ మాటల్లో ఎక్కువ. వీటికి సూత్రం వెతకడం కన్నా విన్నప్పుడల్లా జంటగా గుర్తుపెట్టుకోవడమే మేలు.

ఇప్పుడు ఒక పూర్తి వాక్యం విప్పి చూద్దాం. "లొపతు నెఖ్ వె వీతహు, జెబ్రీక్ దెయ్ న స్త్రెఖు అ స్ మిస్త్రెమ్ పొచ్కెయ్ ప్రెద్ లెషెనీమ్."

మొదటి మాట లొపతు. నిఘంటువులో లొపత, ఆమె. ముందు చిన్న మాట లేదు. స్త్రీలింగం, చివర "ఉ", కాబట్టి ద్వితీయ. పారను ఏదో చేయమంటున్నాడు. నెఖ్ అంటే వదిలేయి. వె వీతహు, పుంలింగం, ముందు "వె", కాబట్టి లిఫ్టులో. పారను లిఫ్టులో వదిలేయి. చూడండి, ఒకే వాక్యంలో రెండు "ఉ"లు, ఒకటి "ను", ఇంకోటి "లో".

తర్వాత జెబ్రీక్. తోక లేదు. పని చేసేవాడు నిచ్చెనా? దెయ్ అంటే పెట్టు, ఆజ్ఞ. ఆజ్ఞ మనకే కాబట్టి పెట్టేది మనమే, పెట్టాల్సింది నిచ్చెన. ప్రాణం లేని పుంలింగం, అందుకే తోక రాలేదు. న స్త్రెఖు, ఆమె, "ఉ", కాబట్టి కప్పు మీదికి. స్త్రెషె అని ఉంటే నిచ్చెన ముందే పైన ఉన్నట్టు, అక్కడే ఎక్కడో పెట్టమన్నట్టు.

చివరి ముక్క, స్ మిస్త్రెమ్, "ఎమ్" ఉంది, ముందు "స్" ఉంది, మేస్త్రీతో కలిసి. పొచ్కెయ్, ఆగు. ప్రెద్ లెషెనీమ్, సారువ ముందు. లెషెనీ అన్నది చాలా మొండి మాట. "ఈ"తో ముగిసే ఈ నపుంసకాలు ఏకవచనంలో ఏ విభక్తిలోనూ కదలవు, ఒక్క "తో" విభక్తిలోనే "మ్" చేరుతుంది. అందుకే "న లెషెనీ" అంటే సారువ మీదికా, సారువ మీదా అన్నది తోక చెప్పలేదు. అప్పుడు క్రియను చూడాల్సిందే. వెళ్లు, ఎక్కు లాంటిది ఉంటే మీదికి. ఉన్నాడు, నిలబడ్డాడు అని ఉంటే మీద. మిగతా మాటల్లో తోకను నమ్మమన్నాం కదా, ఇది ఆ నమ్మకానికి హద్దు.

బహువచనంలో మేము రెండే చెప్తాం. ఒకటి, ఐదు, ఆపై అంకెల తర్వాత వస్తువు పేరు "యొక్క" విభక్తి బహువచనంలోకి పోతుంది. "అ"తో ముగిసే స్త్రీలింగానికి అక్కడ తోక ఊడిపోతుంది. రెండు పారలు "ద్వ్యె లొపతి", ఐదు పారలు "ప్యెత్ లొపత్". ఇటుక "త్సిహ్ల", ఐదు ఇటుకలు "ప్యెత్ త్సిహెల్". కొత్తవాళ్లు ఆ లొపత్ విని, హల్లుతో ముగిసింది కదా అని పుంలింగం మాట అనుకుంటారు, దానికి మళ్లీ "ఉ" తగిలిస్తారు. ముందు అంకె వినపడిందా లేదా చూసుకోండి.

రెండోది, హ్రస్వం, దీర్ఘం. "జెబ్రీకు" అంటే ఒక్క నిచ్చెన యొక్క. "జెబ్రీకూ" అని దీర్ఘం తీస్తే నిచ్చెనల యొక్క, బహువచనం. "జెబ్రీకూమ్" అంటే నిచ్చెనలకు. దీర్ఘం వినడం కొన్ని భాషల వాళ్లకు గగనం. మనకు పలక పట్టినప్పుడే ఉ, ఊ వేరువేరుగా దిద్దించారు. గబగబా మాట్లాడేటప్పుడు కొందరు ఈ దీర్ఘాన్ని కుదించేస్తారు, అందుకే చెవి పెట్టి వినండి. బస్తాలు, ఇటుకలు లెక్కబెట్టి తెచ్చేచోట ఒకటా, చాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

పరీక్ష గురించి అడిగేవాళ్లకు ఒక మాట. శాశ్వత నివాసానికి రాయాల్సిన చెక్ పరీక్ష స్థాయిని 2021 సెప్టెంబరు 1 నుంచి ఎ1 నుంచి ఎ2కు పెంచారు. ఉత్త వస్తువుల పేర్లతో ఎ1 దాకా ఎట్లాగో ఈడ్చవచ్చు. ఎ2లో చిన్న చిన్న నోటీసులు, ఉత్తరాలు చదివి ఎవరు ఎక్కడికి, ఎవరితో, దేనిలో అన్నది చెప్పాలి. అదంతా తోకల్లోనే ఉంటుంది. తోక అక్కర్లేదు అనే మొదటి జట్టుతో మా గొడవ ఇక్కడే. వాళ్లు సైటులో సైగలతో నెట్టుకొస్తారు, పరీక్ష కాగితానికి సైగలు అర్థం కావు.

చివరగా, పుస్తకం చదివి వచ్చినవాళ్లు సైటులో ఒక తోక విని బిత్తరపోతారు, అది "అమ". పుస్తకంలో బహువచనం "తో"కు లొపతమి, జెబ్రీకి, మిస్త్రి అని మాటను బట్టి వేరువేరు తోకలు ఉంటాయి. సైటులో చాలామంది ఆ తేడాలు పట్టించుకోరు, లొపతమ, జెబ్రీకమ, మిస్త్రమ అని అన్నింటికీ "అమ" తగిలిస్తారు. అది వాళ్ల వాడుక భాష. వింటే "లతో" అని అర్థం చేసుకోండి, మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు ధైర్యంగా వాడండి. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి.